ఎడమ మూలన వెలుతురు

పాత మానిటర్ పాడయ్యాక మా అమ్మాయి రోజూ స్టూడియోకు వెళ్ళి పనిచేసుకొచ్చేది. ఫోటోలకు రంగులు సరిచేయడం దాని పని. పగలంతా ఇంట్లో నేనూ, ఫ్రిజ్ మోతానూ. కొత్త మానిటర్ వచ్చాక మళ్ళీ ఇంట్లోనే ఉంటోంది. మాటల్లేకపోయినా పక్క గదిలో మనిషి ఉందంటే ఆ ధైర్యమే వేరు.

"మానిటర్ వాపసుకి ఈరోజే ఆఖరమ్మా. రా, లోపాలేమైనా ఉన్నాయేమో చూడ్డానికి నీ కళ్ళు కూడా కావాలి" అంది.

తెరనిండా తెలుపు పెట్టింది. నల్ల చుక్క కనిపిస్తే అది చచ్చిన పిక్సెల్ అట, అంటే వెలగడం మానేసిన చుక్క. నాకు కనిపించనే కనిపించింది.

"అయ్యో, ఇదిగో! పోయింది!"

అమ్మాయి ఉఫ్‌మని ఊదింది. చుక్క ఎగిరిపోయింది.

"దుమ్ము! నీకు చీమ కనిపించినా పామే."

ఎరుపు, పచ్చ, నీలం కూడా చూశాం. మచ్చ లేదు. చివరికి నలుపు పెట్టి కర్టెన్లు లాగింది.

"మూలల్లో వెలుతురుంటే తల అటూ ఇటూ జరిపి చూడు. నీతోపాటు మారితే ఈ రకం తెరలకి మామూలే. కదలకుండా ఉంటే తెర వెనకున్న లైటు కారుతున్నట్టు, అది లోపమే."

ఇంతలో ఫోనొచ్చి హాల్లోకి వెళ్ళింది. కర్టెన్ సందులోంచి ఎండ పడుతోంది. బట్టల క్లిప్పులు తెచ్చి బిగించాను. గది పూర్తిగా చీకటయింది. అప్పుడు తెర ఎడమ మూలన, కింద, తలుపు సందులోంచి వచ్చినట్టు పసుపు వెలుతురు. తల జరిపాను. కూర్చున్నాను, లేచాను. అది ఉన్నచోటే ఉంది.

తెర వాపసు పోతే అమ్మాయీ స్టూడియోకు పోతుంది. అక్కడే బాగుందని అలవాటు పడిపోతే?

"బాగానే ఉందిగా? ఉంచేసుకుందామా?" అంటూ వచ్చింది.

ఊ అంటే చాలు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఎవరి ఫోటోలోనో నీడ ఆ వెలుతురువల్ల అమ్మాయికి వెలిసినట్టు కనిపించి, ఇంకా నల్లగా చేసేస్తే? అచ్చయ్యాక వాళ్ళు మొహాన కొడితే? అసలు పనే పోతే?

"ఎడమ మూల చూడవే."

"మళ్ళీ దుమ్మా?"

"ఊదితే పోయేది కాదు. తల జరిపినా కదలట్లేదు."

వంగింది. పక్కకు జరిగింది. నవ్వు ఆగిపోయింది.

"నిజమే అమ్మా. నేనైతే ఉంచేసుకునేదాన్ని."

ఫోనులోనే వాపసు పెట్టేసింది. వేరేది ఎప్పుడొస్తుందో అమ్మినవాళ్ళకే తెలియదట. అట్టపెట్టె పారేశామనుకుని కంగారు పడింది. మంచం కిందనుంచి థర్మాకోల్‌తో సహా లాగి ముందు పెట్టాను. ఎందుకైనా మంచిదని నేనే దాచాను.

"అమ్మో, నీ భయాలు కూడా పనికొస్తాయే!"

ఇద్దరం కలిసి టేపు వేశాం.

మర్నాడు పొద్దున్నే సంచి తగిలించుకుని, "తలుపేసుకో అమ్మా" అని స్టూడియోకు వెళ్ళిపోయింది. వీధి తలుపు గడియ వేశాను. దాని గది తలుపు మాత్రం వెయ్యలేదు. కర్టెన్ల క్లిప్పులు తీయడం మరిచినట్టున్నాం, లోపలంతా ఇంకా చీకటిగానే ఉంది.