పైపు గురించి రాసిన వాక్యం

ఎవాంజెలిన్ నలభై పరిశోధన పత్రాలు చదివి, వ్యవసాయాధికారుల ఆన్‌లైన్ కోర్సుకు సారాంశం రాసింది. పొలానికీ వాగుకీ మధ్య గడ్డి, చెట్లు పెంచి వదిలేసే పట్టీ ఎరువుల నైట్రేట్‌ను ఎలా ఆపుతుందన్నది విషయం. పొలం నుంచి ఊరే నీళ్ళు వేళ్ళకు దగ్గరగా, తడిసి గాలాడని మట్టిలో నెమ్మదిగా కదలాలి. అప్పుడే అక్కడి సూక్ష్మజీవులు కుళ్ళిన ఆకులను ఆసరా చేసుకుని నైట్రేట్‌ను వాయువుగా మారుస్తాయి. కొంత మొక్కలూ పీల్చుకుంటాయి. నీళ్ళు లోతుకు దిగిపోయినా, పొలం కింద పూడ్చిన డ్రైనేజీ పైపులోంచి నేరుగా వాగులో పడినా, వాటికి పట్టీ ఉన్నా లేనట్టే.

హైటెక్ సిటీ ఆఫీసులో కోర్సు హెడ్ పార్థసారథి ఆ ఆఖరి వాక్యాన్ని కొట్టేశాడు.

"ఇన్ని షరతులు పెడితే స్లైడ్ ఎవరు చూస్తారండి? పది మీటర్లు వదిలితే తొంభై శాతం నైట్రేట్ పోతుంది. ఒక పేపర్లో ఉందిగా, చాలు."

"ఒక్కదాంట్లోనే సర్. పదిహేను శాతమే వచ్చినవీ ఉన్నాయి."

ఆయన నవ్వాడు. ఆ నెలలోనే ఆమె ఉద్యోగం పర్మనెంట్ కావాలి. నోరు మూసుకుంది. మూసుకుంటే మూసుకుంది, కోర్సు మీద తన పేరుందని చుట్టాలందరికీ లింకు కూడా పంపింది!

రెండు వానాకాలాలు గడిచాయి. మేనమామ దేవరాజు సంగారెడ్డి అవతలి ఊరి నుంచి వచ్చాడు. ఐడీ కార్డు లేదని సెక్యూరిటీ ఆపేస్తే, ఎవాంజెలినే గేటు బయటకు పరుగెత్తింది. ఆయన చేతిలో నీటి పరీక్ష కాగితం ఉంది.

"మీ కోర్సు చదివిన అగ్రికల్చర్ సారే జెప్పిండు బిడ్డా. నీ పేరు జూసి పది మీటర్లు ఇడిసిన. గడ్డి మస్తు పెరిగింది. ఇగ ఫికర్ లేదని నీళ్ళ క్యాన్లు కొనుడు బంద్ జేసి, వాగు పక్క బావి నీళ్ళే తాగుతున్నం. మనుమరాలికి పాలపొడి గూడ గవే నీళ్ళల్ల కలుపుతున్నరు."

తాగే నీళ్ళలో నైట్రేట్ లీటరుకు నలభై అయిదు మిల్లీగ్రాములు దాటకూడదు; దాటితే పసిపిల్లల రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేదు. కాగితంలో అరవై రెండు ఉంది. పట్టీ వేయకముందు అరవై నాలుగట.

"మామా, పొలం కింద పైపులున్నయా?"

"ఉన్నయి. నీళ్ళు నిలుస్తున్నయని మా నాయన ఏయించిండు. సీదా వాగుల్నే పడ్తయి. బావిల ఊరేది గూడ గా వాగు నీళ్ళే. సారుకు సూపిస్తే, కోర్సుల పైపుల ముచ్చటే లేదన్నడు. నీకు గూడ ఎరుక లేదా?"

తెలియదంటే ఆయన నమ్మేవాడు.

"ఎరుకే మామా. రాసిన. తీసేస్తే ఊకున్న."

దేవరాజు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. ఆయన ఫోన్ తీసి కూతురికి చేశాడు.

"బిడ్డా, పాపకు గా బావి నీళ్ళు పొయ్యకు."

"కాగబెట్టే కలుపుతున్న గద నాయనా. ఎందుకు వద్దు?"

కాగబెడితే నైట్రేట్ పోదని ఎవాంజెలిన్‌కు తెలుసు.

దేవరాజు ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. "ఎందుకో నువ్వే జెప్పు."