పోపులపెట్టెలో నిద్రమాత్రలు

లక్ష్మీపతి నలభై ఏళ్లపాటు జనాన్ని నిద్రపుచ్చి బతికిన మనిషి. ఉపన్యాసకుడేం కాదు, మత్తు డాక్టరు. చికాగో ఆపరేషన్ థియేటర్లలో ఆయన చేతి మీద వేలమంది కళ్లు మూశారు. మూసిన ప్రతివాళ్లూ మళ్లీ తెరిచారు. రిటైరై నేపర్‌విల్‌లో గులాబీలు పెంచుకుంటున్నా, ఎవరైనా "రాత్రి నిద్ర లేదండీ" అంటే చాలు, పాత పహిల్వాను తొడ చరిచినట్టు ఆయన చొక్కా జేబు తడుముకునేవాడు.

అలాంటిది, మూడు వీధుల అవతల ఉన్న ప్రాణస్నేహితుడు వీరభద్రరావుకే నిద్ర పట్టడం లేదంటే అది లక్ష్మీపతికి వ్యక్తిగతమైన అవమానం.

వీరభద్రరావు వంతెనల ఇంజనీరు. ఇల్లినాయ్‌లో నదుల మీదా వాగుల మీదా వంతెనలు కట్టి, డెబ్బై దాటాక ప్రోస్టేట్ క్యాన్సర్ నడుం ఎముకల్లోకి పాకి మంచానికి అంటుకున్నాడు. మూడు వారాలకోసారి కీమో. "కీమో అంటే ఏమో అనుకున్నాన్రా. నా జుట్టంతా పట్టుకుపోయింది. నిద్ర ఒక్కటీ పట్టలేదు" అనేవాడు. అప్పటికి ఆయన బుర్ర బాగానే ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన భార్య దమయంతి ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, మీ స్నేహితుడు రాత్రంతా పైకప్పు చూస్తూ దూలాలు లెక్కపెడుతున్నారు. మా ఇంటికి దూలాల్లేవు."

లక్ష్మీపతి సూట్‌కేసు తెరిచాడు. హైదరాబాదు వెళ్లొచ్చిన ప్రతి తెలుగువాడి సూట్‌కేసులోనూ ఆవకాయ పక్కన ఒక చిన్న మందుల షాపు ఉంటుంది. అందులోంచి ఆల్ప్రజోలామ్ మాత్రల అట్టలు మూడు తీసి, నడుచుకుంటూ వెళ్లి ఇచ్చి వచ్చాడు.

"రాత్రి అర మాత్ర, చెల్లెమ్మా. అర చాలు. వాడు మొద్దులా పడుకోకపోతే నా పేరు మార్చుకుంటా."

ఇంకేం వేస్తున్నావని అడగలేదు. థియేటర్లో అయితే రోగి పొద్దున కాఫీ తాగాడా అని కూడా మూడుసార్లు అడిగేవాడు. స్నేహితుడి ఇంట్లో అడిగితే తెలియక అడిగినట్టుంటుందని ఊరుకున్నాడు.

మూడు వారాలు తిరిగేసరికి వీరభద్రరావు నిద్రపోవడం మొదలుపెట్టాడు. కాకపోతే పగలు. సాంబారు గిన్నె ముందు, టీవీ ముందు, మాట్లాడుతున్న మనిషి ముందు. మెలకువ వచ్చినప్పుడు ఇంకా కష్టం. కారు తాళంతో ఫ్రిజ్ తీయబోయాడు. చూడటానికి వెళ్లిన లక్ష్మీపతిని ఎగాదిగా చూసి, "సిమెంటు ఎందుకు తగ్గించావయ్యా? నీలాంటి కాంట్రాక్టర్లని చాలామందిని చూశాను" అన్నాడు.

లక్ష్మీపతి నవ్వబోయాడు. స్నేహితుడు నవ్వడం లేదని చూసి ఆ నవ్వుని మింగేశాడు.

క్యాన్సర్ డాక్టరుకీ అదే అనుభవమైంది. ఇవాళేం వారమని అడిగితే వీరభద్రరావు "స్లాబు వేసే రోజు" అన్నాడు. ఆవిడ ఆ పూట కీమో ఆపేసింది. రక్త పరీక్షలు చేయించింది. తలకి స్కానింగు తీయించింది. అన్నీ బాగానే వచ్చాయి. మనిషే బాగా రాలేదు. "ఇంత మగతలో, ఇంత అయోమయంలో ఉన్న మనిషికి కీమో ఎక్కించలేను. మూడు వారాలు చూద్దాం. తేరుకోకపోతే ఇక కీమో ఆపేసి ఇంట్లో హాయిగా ఉంచడం గురించి మాట్లాడుకోవాలి" అంది. ఈలోగా నొప్పి, నిద్ర చూసే క్లినిక్‌కి వెళ్లమంది. వాడుతున్న మందులన్నీ పట్టుకెళ్లమంది.

ఆ క్లినిక్‌లో ఫార్మసిస్టు త్రివేణి. నేపర్‌విల్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. చిన్నప్పుడు లక్ష్మీపతి దగ్గరే కారు నడపడం నేర్చుకుంది. పక్క సీట్లో కూర్చుని ఆయన అక్కడ లేని బ్రేకుల్ని తొక్కడం చూసిన ఏకైక సాక్షి.

కారు నడిపి తీసుకొచ్చిన లక్ష్మీపతి తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. దమయంతి బల్ల మీద స్టీలు పోపులపెట్టె పెట్టింది.

"ఆంటీ, నేను మెడిసిన్స్ తెమ్మన్నాను," అంది త్రివేణి. "కుకింగ్ కాదు."

"ఇవే, అమ్మా."

మూత తీస్తే ఏడు గిన్నెల్లో ఏడు రకాల మాత్రలు. ఆవాల చోట తెల్లవి, మెంతుల చోట పసుపువి, మధ్యలో జీలకర్ర ఉండాల్సిన చోట నీలం రంగువి.

"డబ్బాలేవి?"

"పారేశాను. ఆ మూతలు చిన్నపిల్లలు తీయకూడదని చేస్తారట. కీళ్లవాతం ఉన్నవాళ్లు కూడా తీయలేం. ఇందులో అయితే చేతికి తెలుస్తుంది. ఎండుమిర్చి గిన్నెలోది పొద్దున, ధనియాల గిన్నెలోది రాత్రి."

వీరభద్రరావు చక్రాల కుర్చీలో కునికిపాట్లు పడుతూ, "తాలింపు మాడింది" అన్నాడు.

త్రివేణి చేతికి గ్లవుజులు తొడుక్కుని, ఒక్కో మాత్రనూ దీపం కింద తిప్పి దాని మీది అక్షరాలు కంప్యూటర్లో కొట్టింది. అమెరికా మాత్ర ప్రతిదానికీ ఒంటి మీద పచ్చబొట్టు ఉంటుంది. కొడితే కులగోత్రాలు చెప్పేస్తుంది.

"ఈ బ్లూది డ్రగ్‌స్టోర్‌లో నిద్రకని దొరికే పీఎం మాత్ర. ఎవరు కొన్నారు?"

"నేనే. డాక్టరు చీటీ అక్కర్లేదుగా, మెత్తటిదే అనుకున్నా."

"మెత్తటిది కాదు ఆంటీ. అందులో ఎలర్జీ మందు ఉంటుంది. పెద్దవాళ్లకి దాంతో కన్ఫ్యూజన్ వస్తుంది, నోరు ఎండుతుంది. అంకుల్‌కి ప్రోస్టేట్ కదా, యూరిన్ కూడా ఆగిపోతుంది. నైట్ ఎన్నిసార్లు బాత్రూమ్‌కి లేస్తారు?"

"నాలుగుసార్లు. వెళ్లి ఊరికే నిలబడి వస్తారు."

"సీ? ఈ తెల్లది జోల్పిడెమ్, స్ట్రాంగ్ నిద్రమాత్ర."

"అది మా పక్కింటి కృష్ణవేణి ఇచ్చింది. ఆవిడకి బాగా పనిచేసిందట. మరీ పట్టనప్పుడు మాత్రమే వేశాను. ఆ ఎర్రటిది ప్రెడ్నిసోన్. కీమోతోపాటు రోజుకి రెండుసార్లు వేయమన్నారు. పొద్దున ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ వేస్తున్నా. సమంగా పన్నెండు గంటలు."

"అది స్టెరాయిడ్, ఆంటీ. డిన్నర్‌తో వేస్తే కాఫీ తాగించి పడుకోమన్నట్టే. బ్రేక్‌ఫాస్ట్‌తో ఒకటి, లంచ్‌తో ఒకటి. మరి పెయిన్‌కి రాసిన నైట్ మార్ఫిన్?"

దమయంతి పోపులపెట్టె అంచు తుడిచింది. "నిద్రమాత్ర ఇస్తున్నా కదా అని రాత్రిది మానేశా. అలవాటైపోతుందని భయం."

"అంకుల్ ఎందుకు లేస్తున్నారో ఎప్పుడైనా అడిగారా?"

ఎవరూ అడగలేదు. త్రివేణి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని, "అంకుల్, నైట్ ఏమవుతుంది?" అంది.

వీరభద్రరావు కళ్లు సగం తెరిచాడు. "నడుం. మేకు కొడుతున్నారు."

లక్ష్మీపతికి అప్పుడు అర్థమైంది. మనిషి నిద్ర లేక బాధపడటం లేదు. బాధకి నిద్ర లేదు. ఆ ఒక్క ప్రశ్న వేయడానికి డిగ్రీ కూడా అక్కర్లేదు.

త్రివేణి చివరి మాత్ర పట్టుకుంది. గుండ్రంగా, తెల్లగా, ఒంటి మీద ఒక్క అక్షరం లేకుండా బోసిగా ఉంది.

"దీని మీద నంబర్ లేదు. ఇది ఇక్కడిది కాదు. ఆంటీ, ఏంటిది?"

దమయంతి లక్ష్మీపతి వైపు చూడకుండా గోడ మీది క్యాలెండరు చూసింది. "ఏమో అమ్మా. మా వైపు వాళ్లెవరో ఇచ్చారు."

"తెలియకపోతే కష్టం ఆంటీ. కొన్ని మాత్రలు వెంటనే ఆపొచ్చు. కొన్ని సడన్‌గా ఆపితే ఇంకా కన్ఫ్యూజన్, ఫిట్స్ కూడా రావొచ్చు. మార్ఫిన్‌తో కలిస్తే కొన్ని బ్రీతింగ్ తగ్గించేస్తాయి. ఏంటో తెలియకుండా నేను డాక్టర్‌కి ఏం రాయను?"

లక్ష్మీపతికి పక్కనే తలుపు కనిపించింది. కారు పార్కింగు చూసొస్తానని లేవొచ్చు. చెల్లెమ్మ ఎలాగూ నోరు విప్పదు. నలభై ఏళ్ల పేరు అలాగే ఉంటుంది. మూడు వారాల తర్వాత స్నేహితుడు ఉంటాడో లేదో.

"నాది," అన్నాడు. "ఆల్ప్రజోలామ్, అర మిల్లీగ్రాము. అర మాత్ర వేయమన్నాను."

"అర సరిపోవడం లేదని ఒకటి వేశా, అన్నయ్యగారూ," అంది దమయంతి చిన్నగా. "మూడు వారాలుగా రోజూ."

"మార్ఫిన్ వాడుతున్నాడని నాకు తెలుసు," అన్నాడు లక్ష్మీపతి. "తెలిసే ఇచ్చాను. ఒకరి ఊపిరి లెక్కపెట్టడమే నా ఉద్యోగం, త్రివేణీ. ఇంటికొచ్చేసరికి లెక్క మానేశాను."

త్రివేణి ఆయన వైపు ఒక్క క్షణం చూసింది. కారు నేర్చుకున్న రోజుల్లో ఎర్ర లైటు దాటేస్తే ఆయన తనని చూసినట్టే. "థాంక్యూ అంకుల్. ఇప్పుడు రాయగలను."

రాసింది. క్లినిక్ డాక్టరు వచ్చి, ఆయన్ని చూసి, సంతకం పెట్టాడు. పీఎం మాత్రా, పక్కింటి మాత్రా ఆ పూటే బంద్. ఆల్ప్రజోలామ్ ఒక వారం అర, ఇంకో వారం పావు, తర్వాత సున్నా. రాత్రి మార్ఫిన్ తప్పకుండా, రోజూ అదే టైముకి. కాకపోతే ఈ రెండు వారాలూ ఊపిరి మీద ఒక కన్ను. స్టెరాయిడ్ మధ్యాహ్నం దాటకూడదు. పగటి కునుకు అరగంట. పొద్దున్నే ఎండలో కుర్చీ.

"మరి నిద్రకి?" అంది దమయంతి. ఖాళీ చీటీతో ఇంటికెళ్లడం ఆవిడకి కొత్త.

"ముందు ఇవన్నీ చేద్దాం. వన్ వీక్ తర్వాత కూడా పట్టకపోతే మిర్టజపిన్, ఏడున్నర మిల్లీగ్రాములు. చాలా స్మాల్ డోస్. ఆకలి కూడా వస్తుంది, వికారం కూడా తగ్గుతుంది. పొద్దున మగతగా ఉంటే నాకు ఫోన్. మీరు పెంచొద్దు, తగ్గించొద్దు. అండ్ ఆంటీ, మాత్రలు పోపులో వేయొద్దు. ఈజీ మూతలున్న బాటిల్స్ అడిగితే ఇస్తాం."

మొదటి వారం వీరభద్రరావు చిరాకు పడ్డాడు. లక్ష్మీపతి రోజూ సాయంత్రం వెళ్లి, బ్లేడుతో మాత్ర కోసి, వచ్చేముందు స్నేహితుడి ఛాతీ వంక చూస్తూ గడియారం పట్టుకుని కూర్చునేవాడు. మేకులు కొట్టేవాళ్లు తగ్గారు, నిద్ర మాత్రం ముక్కలుగానే వచ్చింది. రెండో వారం ఏడున్నర మిల్లీగ్రాములు మొదలయ్యాయి. మూడో వారంలో వీరభద్రరావు ఇడ్లీ మూడోది అడిగి, లక్ష్మీపతిని చూసి, "ఏరా, నీకింక వేరే పనేం లేదా?" అన్నాడు. ఆ తిట్టు విని లక్ష్మీపతి వంటగదిలోకెళ్లి ముక్కు చీదుకున్నాడు.

అయినా తేల్చాల్సింది క్యాన్సర్ డాక్టరు. ఆ రోజు ఆవిడ ఎదుట త్రివేణితో కలిపి నలుగురూ కూర్చున్నారు. వారం అడిగింది, చెప్పాడు. నెల చెప్పాడు. ప్రెసిడెంటు పేరు చెప్పి, దానికి తోడు తన అభిప్రాయం కూడా చెప్పాడు. ఆవిడ నవ్వి, "వందలోంచి ఏడేడు తీసేస్తూ వెనక్కి చెప్పండి" అంది.

వీరభద్రరావు చిన్నప్పుడు ఎక్కాలు నేర్చిన భాషలోకి దిగిపోయాడు. "తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది..." ఎక్కడా ఆగకుండా రైలు పోయినట్టు పోయాడు. డాక్టరు త్రివేణి వంక చూసింది.

"నాకు తెలుగులో ట్వెంటీ వరకే వచ్చు," అంది త్రివేణి. "లక్ష్మీ అంకుల్, కరెక్టేనా?"

లక్ష్మీపతి వేళ్లు ముడుస్తున్నాడు. ఎనభై ఆరు దగ్గరే స్నేహితుడి మొహం చూస్తూ లెక్క వదిలేశాడు. మళ్లీ మొదలుపెట్టి, అరవై ఐదు దాకా వచ్చి, ఆగాడు.

"యాభై ఎనిమిదిరా," అన్నాడు వీరభద్రరావు. ఆ తర్వాత డాక్టరు వైపు తిరిగి, ఇంగ్లీషులో, ప్రతి అంకె స్పష్టంగా, రెండు దాకా చెప్పి ముగించాడు. "ఇప్పుడు ఈయన్ని కూడా ఒకసారి చూడండి డాక్టర్. నాకంటే ఈయన పరిస్థితే బాగాలేదు."

ఆవిడ కీమో కాగితం మీద సంతకం పెట్టింది. నర్సు చక్రాల కుర్చీ వెనక్కి వచ్చింది. వీరభద్రరావు చేత్తో వారించి, లక్ష్మీపతి భుజం పట్టుకుని లేచి, కీమో గదిదాకా నడిచే వెళ్లాడు.