నూటనలభై జీబీల ఆట

మా కంప్యూటర్‌లో ఒకప్పుడు మూడువందల నలభై జీబీలు మా ఆయన ఆటలే. ఆయన హేమనాథ్, మేస్త్రీ. వేలూరులో ఆయన చేతిమీద రెండు బిల్డింగులు లేస్తున్నాయి. ఆయన కట్టబోయే ఇళ్ళు ఎలా ఉంటాయో కంప్యూటర్‌లో వీడియో చేసి చూపించడం నా పని. నాకు ఒక్కో పని వచ్చినప్పుడల్లా ఆయన ఆట ఒక్కొక్కటి ఎగిరిపోయింది. చివరికి కార్ల ఆట ఒక్కటే మిగిలింది. నూటనలభై జీబీలు!

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ అదే గోల. రేపు తొమ్మిదికి కనియంబాడి నుంచి ఇందుమతమ్మ తను కట్టించుకోబోయే ఇంటి వీడియో చూడటానికి వస్తుంది. నచ్చకపోతే ఆ పని వేరేవాళ్ళకు పోతుంది. వీడియోకు అరవై జీబీలు కావాలి, ఉన్నవి పదకొండు. పదిరోజులుగా నాకూ సరైన నిద్ర లేదు, ఒళ్ళు మండిపోతోంది.

"ఈసారి ఇది కూడా తీసేయాల్సిందే" అన్నాను.

ఆట పేరు మీద నొక్కి చూస్తే, చివరిగా ఆడింది ఫిబ్రవరి అని ఉంది. ఇప్పుడు ఆగస్టు.

"దినమూ రాత్రి దీని ముందరే కూచుంటావు గదప్పా! ఫిబ్రవరి అంటాదేంది?"

"కూచుంటే అప్‌డేట్ అంటాది. అది అయ్యేలోపల నాకు కండ్లు మూసుకుపోతాయి. తెల్లారి నాలుగుకి లేసి స్లాబుకు పోవాల గదా." కుర్చీ ముందుకు లాక్కుంటూ అన్నారు, "నిన్నటితో అప్‌డేట్ అయిపోయినాది. పది నిమిషాలు ఆడుకొని నేనే తీసేస్తా."

ఇన్నాళ్ళూ ఆటల పిచ్చి అని సాధించినందుకు నాకు సిగ్గేసింది. సరే అని కాఫీ పెట్టడానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి తెర మీద "ఏదైనా కీ నొక్కండి" అని వెలుగుతోంది. ఆయన కుర్చీలోనే నిద్రపోతున్నారు. ఒక్క కీ కూడా నొక్కినట్టు లేదు.

ఆట మూసేశాను. అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే ఒక్క నిమిషంలో పని అయిపోతుంది, వీడియో వెంటనే మొదలుపెట్టవచ్చు. చెయ్యి రాలేదు. సైటు ఫొటోలు దాచే పాత హార్డ్‌డిస్క్ తెచ్చి తగిలించి, ఆటల స్టోర్ సెట్టింగుల్లో దాన్ని కూడా చేర్చి, ఆటను అందులోకి మార్చడానికి మూవ్ నొక్కాను. గంటా ఇరవై నిమిషాలు పడుతుందని చూపించింది. నా పని అంతసేపు వెనక్కి పోయింది. పోతే పోనీ అనుకుని, కాఫీ ఒక్కదాన్నే తాగుతూ కూర్చున్నాను.

మూవ్ పూర్తయ్యాక నేను వీడియో మొదలుపెట్టాను. ఇంకాసేపటికి ఆయన ఉలిక్కిపడి లేచారు.

"తీసేసినావా?"

"లేదు, పాత డిస్కులో ఉండాది. ఆడనుంచి తెరుచుకునేదానికి మాత్రం శానాసేపు పడతాది."

"పడనీలే" అన్నారు కళ్ళు నులుముకుంటూ. "అంతసేపూ నిద్రపోవచ్చు."

నవ్వు వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. ఆయనకు కనపడకుండా తెరవైపు తిరిగి నా పని చూసుకున్నాను.