ప్రభువు చేశాడంటే ఎలా సిస్టరూ?

జ్ఞానసుందరి బల్ల మీద కూర్చోలేక లేచింది, నిలబడలేక మళ్ళీ కూర్చుంది. మిషన్ ఆసుపత్రి ఆఫీసు గదిలో రైటరు సత్యానందం టేపు రికార్డరు చక్రాన్ని ముందుకీ వెనక్కీ తిప్పుతూ, నిన్న ఆమె ఇంటర్వ్యూలో చెప్పిన జవాబును కాగితం మీద దించుకుంటున్నాడు. అరవై ఎనిమిదో సంవత్సరం జూన్ నెల, ఆకు కదలని ఉక్క. సాయంత్రం నాలుగింటికి మిషన్ జీపు వస్తుంది, కాగితాలు తీసుకుపోతుంది. మిషన్ బోర్డువాళ్ళు వాటిని చదివాకే, గజపతినగరం దగ్గర కొత్త ఆసుపత్రికి నర్సును ఎంచుతారు. ఆమెను ఎంచకపోతే ఈ నెలాఖరుతో ఇక్కడి తాత్కాలిక నర్సు ఉద్యోగం సరి.

ఒక కష్టమైన కాన్పు గురించి అడిగితే ఆమె చెప్పిన జవాబును సత్యానందం చదివి వినిపించాడు. "నానేటి సేసినాను బాబూ? అంతా ప్రభువే సేసినాడు. ఏదో సూదేసినాను. ఆ తల్లి బతికిపోనాది."

అలా మాట్లాడటం ఆమె తప్పు కాదు. చిన్నప్పటి నుంచి చర్చిలో సాక్ష్యం చెప్పడమంటే అదే. తన గొప్ప తాను చెప్పుకున్నవాడిని పాస్టరుగారు పక్కచూపు చూసేవారు. ఆ అలవాటే ఇంటర్వ్యూలోనూ నోట్లోంచి ఊడిపడింది. ఖర్మ కాకపోతే మరేమిటి!

"మార్కులు వేసేది నీకు సిస్టరూ, ప్రభువుకి కాదు" అన్నాడు సత్యానందం. సాఫు ప్రతి రాసే పని ఆయనదే. మాటను చక్కదిద్దవచ్చు, సంగతిని మార్చకూడదు, కింద అభ్యర్థి సంతకం ఉండాలి. పాపం, మంచి మనిషి. అరగంట కూర్చుని రాసి చదివాడు. "కాన్పు అనంతరం అధిక రక్తస్రావాన్ని నేను వెంటనే గుర్తించాను. డాక్టరుగారి ముందస్తు ఆదేశం ప్రకారం సూది వేసి, గర్భసంచి గట్టిపడేవరకు పొత్తికడుపు మర్దన చేసి, తల్లి ప్రాణం కాపాడాను."

ఎంత దర్జాగా ఉందో! జ్ఞానసుందరి గుండె ఉప్పొంగింది. ఆ వెంటనే కలుక్కుమంది. సూది ఆమే వేసింది, మర్దనా ఆమే చేసింది. కానీ గుర్తించింది ఆమె కాదు. ఆమె బిడ్డను తుడుస్తోంది. "పిల్లా, ఇటు సూడు, నెత్తురు ఆగట్లేదు" అని అరిచింది మంత్రసాని దాలమ్మ.

ఆ దాలమ్మే ఇప్పుడు గుమ్మంలో కూర్చుని చుట్ట నలుపుతోంది. జ్ఞానసుందరి కళ్ళెత్తి చూడలేకపోయింది. దాలమ్మకు అర్థమైపోయింది.

"రాయించీసుకోయే అమ్మీ. నాకేటి నర్సుద్యోగమిస్తారా?"

జ్ఞానసుందరి కలం తీసుకుంది. జ్ఞా రాసింది. చెయ్యి ఆగిపోయింది. రేపు కొత్త ఆసుపత్రిలో పక్కన దాలమ్మ ఉండదు. ఈ మనిషి వెంటనే గుర్తిస్తుందని బోర్డు నమ్ముతుంది. తానూ నమ్మేస్తుందేమో. అదీ ఆమె భయం.

"ఇది నాను కాను సత్యానందం గారూ" అంది కాగితం వెనక్కి తోస్తూ.

ఆయనకు ఒళ్ళు మండింది. మొదటిదీ నువ్వు కాదు, ప్రభువే చేశాడంటే అదీ అబద్ధమేనని విసుక్కున్నాడు. సూది వేసిన చెయ్యి ఎవరిదని అడిగాడు. తరువాత కాస్త చల్లబడి, అసలు ఆ రోజు తరువాత నువ్వేం చేశావో చెప్పమన్నాడు. ఆమె నసుగుతూ చెప్పింది. ఆయన కలం ఆగకుండా నడిచింది. గోడగడియారం మూడున్నర దాటింది.

"బిడ్డను తుడుస్తూ రక్తస్రావాన్ని నేను మొదట గమనించలేదు. మంత్రసాని దాలమ్మ హెచ్చరించింది. వెంటనే ఆదేశం ప్రకారం సూది వేశాను, గర్భసంచి గట్టిపడేవరకు మర్దన చేశాను. రక్తం ఆగింది. ఆనాటి నుంచి ప్రతి కాన్పు తరువాత రెండు గంటలసేపు, పావుగంటకోసారి రక్తస్రావం, నాడి చూసి రాసి ఉంచుతున్నాను. ఇప్పటికి పదిహేడు కాన్పులు."

"ఇదంతా నాను సేసిందేనా?" అంది జ్ఞానసుందరి. అందులో అబద్ధం ఒక్కటీ ఆమెకు కనిపించలేదు. సంతకం పెట్టేసింది. జీపు వచ్చింది, పోయింది.

ఆ తరువాత పన్నెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. ఎందుకొచ్చిన సత్యం, తప్పును మనమే రాసిచ్చామే అని ఒక పూట, పోనీలే అని ఒక పూట. అదే ఉద్యోగానికి పోటీపడ్డ రెండో అభ్యర్థి ఇంటర్వ్యూలో తన పొరపాటు ఒక్కటీ లేదని చెప్పిందట. ఆ మాట విని మరీ కుమిలిపోయింది.

పదమూడో రోజు ఉత్తరం వచ్చింది. సత్యానందం చదివాడు. ఒకటో తేదీన చేరమన్నారు. కింద ఇంకో వాక్యం ఉంది: "పదిహేడు కాన్పుల కాగితాలు వెంట తీసుకురండి. మిగతా నర్సులకు మీరే నేర్పాలి."

జ్ఞానసుందరి పెట్టె తెరిచి కాగితాల కట్ట తీసింది. ప్రతి కాగితం అడుగునా, తనతో పాటు కూర్చుని చూసినందుకు, దాలమ్మ వేలిముద్ర ఉంది. కట్టను ఒళ్ళో పెట్టుకుని భోరున ఏడ్చింది.