పద్నాలుగు కోట్ల ఎర్ర పట్టీ

ఆఫీసులో ఆమెను లెక్కలమ్మ అనేవారు. ఎగతాళికి పెట్టిన పేరే అయినా ఆమెకు లోలోపల ముద్దుగానే ఉండేది. లిఫ్టులు అమ్మి, బాగుచేసే కంపెనీ అది. రిపేరు బ్రాంచిలో సూపర్‌వైజరు ఆమె సొంత అక్క. చెల్లెలి మాటొస్తే చాలు, "దాని లెక్కకు తిరుగులేదు" అనేది.

పోయినేడు రాబడి తొంభై కోట్లు, ఈ ఏడు ఎనభై నాలుగు. మధ్యలో ఏం జరిగిందో ఒక్క బొమ్మలో చెప్పమన్నారు. పెరిగింది పచ్చగా, తగ్గింది ఎర్రగా మెట్లుమెట్లుగా చూపే వాటర్‌ఫాల్ చార్టు కట్టింది లెక్కలమ్మ. మొదట తొంభై పట్టీ. ధరలు పెంచినందుకు ఐదు, పచ్చ. హెడ్డాఫీసు అమ్మకాలు పన్నెండు, పచ్చ. వదిలిపోయిన కస్టమర్లు తొమ్మిది, ఎరుపు. రిపేరు బ్రాంచి పద్నాలుగు, ఎరుపు. ఒకటి ఆగినచోట మరొకటి మొదలై, చివరికి ఎనభై నాలుగు మీద దిగింది. పట్టీలను గాలిలో నిలబెట్టే అడుగు పట్టీలు కనపడకుండా వాటికి రంగు తీసేసింది. మొత్తం సరిపోయిందా అని తేడా చూసే గడిలో సున్నా వచ్చింది. సున్నా వచ్చాక ఇంకేం అనుమానం?

పద్నాలుగు ఎర్ర పట్టీ దగ్గర ఒక్క క్షణం ఆగింది. కానీ అక్క బ్రాంచి అని కన్ను మూసుకోవడం ఆమెకు చేతకాదు.

మీటింగులో పెద్ద సారు ఆ ఎర్ర పట్టీ మీద వేలు పెట్టాడు. "ఇది మూసేద్దాం." పదిహేను నిమిషాల్లో ఆ బ్రాంచిలోని నలభై మంది బతుకు తేలిపోయింది. సేల్స్ మేనేజరు పన్నెండు పచ్చ పట్టీకి చప్పట్లు కొట్టించుకున్నాడు.

సీటుకొచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది. ఆరు నెలల కింద భోజనాల దగ్గర అక్క నవ్వుతూ అంది: "పెద్ద కాంట్రాక్టుల బిల్లులన్నీ ఇప్పుడు మీ హెడ్డాఫీసే కొడుతోందే. మాకు కాగితాల పీడ వదిలింది."

వెంటనే బిల్లులు తీసింది. పన్నెండు కోట్లు. పని అక్క వాళ్లదే, బిల్లు మాత్రమే చోటు మారింది. ఇక్కడ తగ్గింది, అక్కడ పెరిగింది, మొత్తంలో తేడా సున్నా. అసలు రిపేరు బ్రాంచి తగ్గింది రెండే. హెడ్డాఫీసు పెరిగింది ఏమీ లేదు.

పరుగున వెళ్లి చెప్పింది. పెద్ద సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. సేల్స్ మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"సంతకాలైపోయాయమ్మా. మొత్తం సరిపోయింది కదా? వచ్చే ఏడు సరిదిద్దు."

"వచ్చే ఏటికి ఆ బ్రాంచే ఉండదు సార్!"

పెద్ద సారు కళ్లజోడు పెట్టుకుని మరో కాగితం అందుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని ఆమెకు ఏడుపొచ్చింది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "మూసేస్తున్నారటే. పద్నాలుగు కోట్లు పోగొట్టామట. మా వాళ్లంతా లెక్క తప్పంటున్నారు. ఎవరు కట్టారే అది?"

"నేనే అక్కా."

"నువ్వా? అయితే సరిగ్గానే ఉంటుందిలే," అంది అక్క. "వాళ్లకి నేను చెప్పుకుంటాను."