తోగ్జాన్ ముట్టుకోని పేరా

ఆల్మటీ స్టూడియోలో పదిహేనేళ్లుగా స్క్రిప్టులు సరిచేస్తున్న రౌషాన్‌ను కాదని, అరల్ సముద్రం డాక్యుమెంటరీ వ్యాఖ్యానాన్ని దర్శకుడు కొత్తగా వచ్చిన తోగ్జాన్ చేతిలో పెట్టాడు. రౌషాన్‌కు ఒళ్లు మండిపోయింది.

ఐదుగురు చేతులు పెట్టిన స్క్రిప్టు అది. కథ చెప్పే జాలరి కూతురు ఒక పేజీలో ‘నేను’ అంటుంది, మరో పేజీలో ‘ఆమె’ అయిపోతుంది. వాళ్ల పడవ ఒకచోట ఓడ, ఇంకోచోట నౌక. సముద్రం ఒక వాక్యంలో ఎండిపోయింది, తర్వాతి వాక్యంలో ఎండిపోతోంది. తోగ్జాన్ వారంలో అంతా ‘నేను’, అంతా ‘పడవ’, అంతా భూతకాలం చేసేసింది.

రౌషాన్ పట్టుబట్టి తప్పులు వెతికింది. పదకొండో పేజీలో ఒక పేరా మొత్తం వర్తమానంలోనే మిగిలింది. మర్నాడు దర్శకుడి ముందే ఆ పేజీ తెరిచింది.

“ఏమ్మా, ఇది నీ కంటికి ఆనలేదా?”

“ఆనింది అక్కా, కావాలనే ఉంచాను. మిగతాదంతా ఆ జాలరి కూతురి చిన్ననాటి కథ. ఈ పేరా ఆవిడ తమ్ముడిది. నీళ్లు మిగిలిన ఉత్తరపు ఒడ్డున వలలేస్తూ ఇవాళ్టికీ ఉన్నాడు కదా. భూతకాలం చేస్తే అతన్ని చంపేసినట్టే. ఆ పేరా ఎవరు రాశారో గాని, తెలిసి రాశారు.”

దర్శకుడు పాత ప్రతి తిరగేశాడు. ఆ పేరా పక్కన రౌషాన్ సంతకం ఉంది.

తను రాసి మరిచిపోయిన కారణం ఈ పిల్లకు తెలిసింది. మెప్పు దక్కినా రౌషాన్ కడుపులో కుళ్లు తగ్గలేదు. రికార్డింగులో బయటపడి తోగ్జాన్ పరువు తీస్తుందని దాచుకున్న తప్పు ఇంకొకటి ఆమె దగ్గరుంది. స్క్రిప్టును తోగ్జాన్ వైపు జరిపింది.

“పద్నాలుగో పేజీలో ‘నౌక’ ఒకటి మిగిలింది. చూసుకో,” అంది, తోగ్జాన్ మొహం చూడకుండా.