నూట యాభై ఏళ్ళ పేషెంటు

ఆ ఆఫీసులో ఐదు నిమిషాలన్న మాట పలకడానికి ఒకాయనకే హక్కుంది. ఆయన టీము లీడు. ఏ పనైనా "ఐదు నిమిషాలే" అని మొదలుపెట్టి, మూడు వారాల తర్వాత మర్చిపోయేవాడు. అందుకే అందరూ ఆయన్ని ఐదు నిమిషాలన్న అనేవారు. ఆయన ఎదుట కూడా అనేవారు, ఆయనకు కోపం రావడానికి కూడా టైముండేది కాదు.

ఆయన కింద ఇంటర్న్‌గా చేరిన అమ్మాయికి ఆ రోజు చివరి నుంచి రెండో రోజు. రేపు ఆయన కాలేజీ ఫారం మీద సంతకం పెట్టాలి. అందులో ఆరో ప్రశ్న: "విద్యార్థి పై అధికారి ఆదేశాలను పాటించినదా?" దానికి "లేదు" అని పడితే ఆ సెమిస్టరు మళ్ళీ చదవాల్సిందేనని డిపార్ట్‌మెంటు హెడ్డు ముందే చెప్పి పంపింది. వాళ్ళమ్మయితే ఇంకా సూటిగా చెప్పింది: "వెళ్ళిన చోట నోరు మూసుకుని పని నేర్చుకో. నీ నోటికి భయపడే నిన్ను పెద్దమ్మ పెళ్ళికి తీసుకెళ్ళడం లేదు మీ నాన్న." పెద్దమ్మకి పెళ్ళేమిటని అడగబోయి అమ్మాయి అప్పుడే నోరు మూసుకోవడం మొదలుపెట్టింది. అమ్మ చెప్పదలచుకున్నది పెద్దమ్మ కూతురి పెళ్ళి గురించి, మరి.

ఆ కంపెనీ పంటి డాక్టర్లకు అపాయింట్‌మెంట్లు రాసుకునే సాఫ్ట్‌వేరు చేస్తుంది. దానికి పరీక్షలు రాయడం అమ్మాయి పని. పరీక్ష అంటే, దొంగ పేషెంట్లను సృష్టించడం, వాళ్ళకు అపాయింట్‌మెంటు ఇవ్వడం, అన్నీ సరిగ్గా పడ్డాయో లేదో చూసి చివర్లో వాళ్ళను చెరిపేయడం. ఆ దొంగ పేషెంట్లకు పేర్లు పెట్టే పనిలో అమ్మాయి తన ప్రతిభంతా ధారపోసింది. గాడిదగుడ్డు. తలాతోకా లేనివాడు. ఇక వయసు గడిలో ఎంత పెద్ద అంకె పడుతుందో చూడ్డానికి ఒక ముసలాయన: వయసు నూట యాభై, పళ్ళు ముప్పై మూడు.

చిక్కేమిటంటే, పరీక్ష మధ్యలో ఆగిపోతే చివరి చెరిపివేత జరిగేది కాదు. దొంగ పేషెంట్లు అలాగే మిగిలిపోయి, మర్నాటి పరీక్షకు అడ్డం పడేవారు. "అయితే ముందే పేషెంట్ల పట్టిక మొత్తం ఖాళీ చేసెయ్. అది టెస్టు డేటాబేసేగా, అందులో ఏముంది బూడిద" అన్నాడు ఐదు నిమిషాలన్న. అమ్మాయి పొద్దున ఆ మార్పు రాసింది. ఆయన ఒకసారి తెరిచి, చూడకుండానే "బాగుంది, కోడ్‌లో కలిపెయ్" అన్నాడు. ఇక రోజూ మూడింటికి పరీక్షలు వాటంతట అవే నడుస్తాయి, నడిచే ముందు పట్టిక ఖాళీ అవుతుంది.

మధ్యాహ్నం రెండున్నర దాటింది. ఎంత చెత్త ఊడ్చబోతోందో రిపోర్టులో రాసుకుందామని అమ్మాయి పట్టికలో వరుసలు లెక్కపెట్టమంది. పాతికో ముప్పయ్యో వస్తాయనుకుంది. నలభై ఒక్క వేల మూడు వందల పదిహేడు వచ్చాయి.

తను ఎంత ఉత్సాహంగా పేర్లు పెట్టినా అన్ని పెట్టలేదు. వరుసలు చూస్తే గాడిదగుడ్డు పక్కనే మామూలు మనుషులున్నారు, ఫోన్ నంబర్లతో, జ్ఞానదంతం నొప్పులతో. టెస్టు సెట్టింగుల ఫైలు తెరిచింది. పరీక్షలు ఏ డేటాబేసుకు కలవాలో చెప్పే కనెక్షన్ స్ట్రింగు అందులో ఒకే లైను. దాంట్లో సర్వర్ పేరు చివర "టెస్ట్" అని ఉండాలి. "ప్రొడక్షన్" అని ఉంది, అంటే నిజం డాక్టర్లు వాడే అసలు డేటాబేసు. యూజరు పేరు కూడా అసలు సాఫ్ట్‌వేరుదే, రాయడానికీ చెరపడానికీ పూర్తి హక్కులున్నదే.

గోడ మీద గడియారం రెండూ నలభై చూపిస్తోంది. మూడింటికి నలభై ఒక్క వేల మంది పంటి నొప్పి గాలిలో కలిసిపోతుంది, అదీ తను రాసిన లైనుతో.

మూడింటి పరీక్షలను ఆపే అధికారం గానీ, కలిపిన మార్పును వెనక్కి తీసే అధికారం గానీ ఇద్దరికే ఉంది. ఒకరు డేటాబేసు చూసుకునే తాళాలక్క. అమ్మాయి ఫోన్ చేస్తే తాళాలక్క సొరుగులోంచే మోగింది. అక్క భోజనానికి వెళ్ళి ఇంకా రాలేదు. రెండోవారు ఐదు నిమిషాలన్న. ఆయన అద్దాల గదిలో, కొత్త హంగులు చూడ్డానికి వచ్చిన పంటి డాక్టరు ముందు నిలబడి ఉన్నాడు. తలుపుకు ఎర్ర బోర్డు వేలాడుతోంది. ఆ బోర్డు గురించి ఆయన మొదటి రోజే చెప్పాడు: "ఇది ఉన్నప్పుడు తలుపు తట్టొద్దు. ఇల్లు తగలబడుతున్నా సరే."

మెసేజ్ పెట్టింది. ఆయన ఫోను బల్ల మీద బోర్లా పడి ఉంది.

ఒక కాగితం మీద "అన్నా, అర్జెంటు" అని రాసి అద్దానికి ఆనించింది. ఆయన చూసి, సెలవు కావాలేమో అనుకుని, నవ్వుతూ బొటనవేలు పైకెత్తాడు. రెండూ నలభై ఎనిమిది. రెండో కాగితం మీద "మూడింటికి ప్రమాదం" అని రాసింది. ఆయన తన గడియారం చూసుకుని అయిదు వేళ్ళూ చూపించాడు.

ఆరో ప్రశ్న కళ్ళ ముందు కదిలింది. పోతే పోయింది సెమిస్టరు, నలభై ఒక్క వేల మంది పళ్ళు తన మెడకు చుట్టుకుంటే జన్మలో వదలవు. తలుపు తట్టలేదు, నేరుగా తోసుకుని లోపలికి వెళ్ళింది.

"అన్నా, మన టెస్టులు ప్రొడక్షన్ మీద నడుస్తున్నాయి. మూడింటికి పట్టిక ఖాళీ అయిపోతుంది."

ఐదు నిమిషాలన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. పెద్ద తెర మీదే, డాక్టరు చూస్తుండగానే, మూడింటి పరీక్షలను ఆపేశాడు. అప్పుడు టైము రెండూ యాభై ఆరు. జీవితంలో ఆయన ఐదు నిమిషాల లోపు ముగించిన మొదటి పని అదే.

కుర్చీలో కూలబడి అన్నాడు, "గత నెల టెస్టు సర్వరు పడిపోయింది. ఆ రోజు డెమో కోసం నేనే మార్చాను. ఐదు నిమిషాలకే."

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "అయితే ఒక మాట అడగొచ్చా? ఈ రోజు నా లిస్టులో ఒకాయన ఉన్నాడు. నూట యాభై ఏళ్ళు. ముప్పై మూడు పళ్ళు."

అమ్మాయి తల దించుకుంది. "ఆయన లేడండి. నేనే రాశాను."

"నేను కొత్త కెమెరా కొన్నాను" అన్నాడు డాక్టరు నీరసంగా. "మా అసిస్టెంటు మెట్ల దగ్గర వీల్‌చైర్ పెట్టి పొద్దుటి నుంచి నిలబడ్డాడు."

ఇంతలో తాళాలక్క వచ్చింది. సంగతి విని ఎవరినీ తిట్టలేదు, అదే ఎక్కువ భయపెట్టింది. ముందు ఆ యూజరు పాస్‌వర్డు మార్చింది. టెస్టులకు వేరే యూజరును ఇచ్చి, వాడికి ప్రొడక్షన్ గుమ్మం కూడా తొక్కే హక్కు లేకుండా చేసింది. సర్వరు పేరు టెస్టుది కాకపోతే పరీక్షలు మొదలే కాకుండా అమ్మాయి చేత రెండు లైన్లు రాయించింది. మిగిలిపోయిన దొంగ పేషెంట్లు ఇరవై ఆరుగురిని పేరు పేరునా చూసి తొలగించింది. "బ్యాకప్ నిన్న రాత్రిది" అంది చివర్న. "ఖాళీ అయ్యుంటే ఈ రోజు బుక్ చేసుకున్న వాళ్ళంతా పోయేవాళ్ళే." తొలగించేటప్పుడు గాడిదగుడ్డు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి అమ్మాయి వైపు చూసింది.

మర్నాడు ఐదు నిమిషాలన్న ఫారం ముందు పెట్టుకున్నాడు. ఐదు ప్రశ్నలు గబగబా నింపి, ఆరో దాని దగ్గర పెన్ను ఆపాడు.

"ఇక్కడ అబద్ధం రాయలేను" అన్నాడు.

"రాయొద్దన్నా" అంది అమ్మాయి.

ఆయన "లేదు" అని రాశాడు. పక్కనున్న చిన్న జాగాలో ఇంకేదో చాలాసేపు రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ రాత చదవడానికి అమ్మాయి కిటికీ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది.

"తట్టవద్దన్న తలుపు తోసింది. అందుకే ఈ కంపెనీ ఇంకా ఉంది. చదువు అయ్యాక మాకే పంపగలరు."